రెన్యువల్ మెయిల్ మే నెలలోనే వెళ్లాలి

మెల్‌బోర్న్‌లో చిన్న వ్యాపారాలకు ఏడాది చందా మీద లెక్కలు చూసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఈ పనిలోకి వస్తున్న మన పిల్లలకు రెన్యువల్ మెయిల్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

1. మే మొదటి వారంలో పంపండి. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, మన ఒప్పందాలూ చాలావరకు ఆ రోజుతోనే సరి. మార్చి త్రైమాసికపు బాస్‌కు, అంటే జీఎస్టీ లెక్కలు దాఖలు చేసే పత్రానికి, మామూలు గడువు ఏప్రిల్ 28. అది వేశాక మూడు త్రైమాసికాల ఫలితం మన చేతిలో ఉంటుంది. జూన్ వచ్చిందంటే యజమాని స్టాకు లెక్కలో మునిగిపోతారు, మన మెయిల్ తెరిచే తీరిక ఉండదు.

2. ఫలితం రాసేముందు మన వాటా తేల్చుకోండి. గడువులోపు బాస్ వేయడం మన విధి, అది ఫలితం కాదు. ఒక క్యాటరింగ్ వ్యాపారి ఉన్నారనుకుందాం. బిల్లు ఇచ్చాక డబ్బు చేతికి రావడానికి నిరుడు సగటున 46 రోజులు పట్టేది, ఇప్పుడు 29. మనం బిల్లు ఏ రోజుది ఆ రోజే పంపాం, గడువు దాటగానే గుర్తుచేశాం. కానీ బాగా ఆలస్యం చేసే ఒక పెద్ద ఖాతాను ఈ ఏడు ఆయనే వదులుకున్నారు. ఆ బిల్లులు తీసేసి లెక్కేస్తే నిరుటి సగటు 38. అంటే మనవల్ల తగ్గింది 9 రోజులే. ఆ తొమ్మిదే రాయండి. పదిహేడు అని రాస్తే ఆయన ఒక్క చూపులో పట్టేస్తారు, మిగతా అంకెలనూ నమ్మరు.

3. మెయిల్ ఒక్క ప్రశ్నతో ముగియాలి. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే అండీ. మన ఒప్పందం జూన్ 30తో ముగుస్తుంది. మీ బిల్లుల డబ్బు ఇప్పుడు సగటున 29 రోజుల్లో వస్తోంది. మీరు వదిలేసిన ఖాతాను పక్కన పెడితే నిరుడు 38 రోజులు పట్టింది. లెక్క జతచేశాను. వచ్చే ఏడు మనుషుల్ని పెంచుతున్నారా, తగ్గిస్తున్నారా అన్నదాన్ని బట్టి ప్యాకేజీ మార్చుకుందాం. మంగళవారం లంచ్ ఆర్డర్లు వెళ్లాక ఓ పావుగంట మాట్లాడుకుందామా?"

ధర పెంచే ఉద్దేశం ఉంటే మాత్రం ఈ మెయిల్‌లోనే, జీఎస్టీ కలిపి మొత్తం ఎంతో చెప్పేయండి. ఫోన్లో మొదటిసారి వింటే, అప్పటిదాకా చెప్పిన ఫలితమంతా దానికోసమే అనిపిస్తుంది.

4. వద్దనుకుంటే ఏమవుతుందో కూడా రాయండి. జూన్ త్రైమాసికపు బాస్ గడువు జూలై 28. ఒప్పందం అప్పటికే ముగిసి ఉంటుంది, మరి ఆ బాస్ ఎవరు వేయాలి? ఎక్కువ తగాదాలు ఇక్కడే పుడతాయి. చందా ముగిసినా అది మేమే వేస్తామని, లేదా విడిగా ఇంత అవుతుందని ఒక్క వాక్యం చేర్చండి. "జవాబు రాకపోతే ఒప్పందం దానంతటదే కొనసాగుతుంది" అనే షరతును నమ్ముకోకండి. చిన్న వ్యాపారాలతో చేసుకునే ప్రామాణిక ఒప్పందాల్లో అన్యాయమైన షరతులకు 2023 నవంబర్ 9 నుంచి జరిమానాలు వచ్చాయి, ఇదీ అలాంటి షరతే అనిపించుకోవచ్చు. జవాబు రాకపోతే వారం ఆగి ఫోన్ చేయండి. ఆయన సరేనన్నాక ఆ మాటను మెయిల్‌లో రాయించుకోండి.