ఓనరు సంతకం పెట్టాలంటే

"సార్, మీ ఆధార్, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు వాట్సాప్‌లో పెట్టండి, జీఎస్టీకి కావాలి." షాపు అద్దెకు తీసుకున్నవాళ్లు చాలామంది ఓనరుకు ఇలాగే మెసేజ్ పెడతారు. నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. ఫోన్ చేస్తే "మా అబ్బాయిని అడిగి చెబుతా" అంటారు. మీకది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి ఆయనకున్నది భయం. ఆ భయమేమిటో కనుక్కోకుండా ఎన్నిసార్లు గుర్తుచేసినా పని జరగదు.

హైదరాబాద్‌లో ఒక రిటైర్డ్ టీచరు తన ఇంటి కింది మడిగెను నెలకు 12,000కు స్టీలు సామాన్ల షాపు పెట్టే కుర్రాడికిచ్చారనుకుందాం. ఆ కుర్రాడు జీఎస్టీకీ, ట్రేడ్ లైసెన్సుకూ కాగితాలు అడిగాడు. మాస్టారు మనసులో ఉన్నది బయటపెట్టారు: "రేపు అద్దె మీద నన్ను జీఎస్టీ కట్టమంటే?"

ఇక్కడ "అలాంటిదేం లేదు సార్" అని దాటేయకండి, లెక్క చెప్పండి. ఓనరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, అద్దెకున్న వ్యాపారికి మాత్రం ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను కట్టాల్సింది అద్దెకున్నవాడే. 12,000 మీద 18 శాతం అంటే 2,160. మామూలు రిజిస్ట్రేషన్ అయితే కుర్రాడు దాన్ని నగదుగా కట్టి, తర్వాత తన పన్నులో సర్దుకుంటాడు. కాంపొజిషన్ స్కీములో ఉంటే ఈ బాధ్యతే లేదు. "మాస్టారూ, అది నేను కట్టుకునేది, మీకు సంబంధం లేదు" అని అంకెతో చెబితే ఆయన కుర్చీలో కాస్త వెనక్కి వాలతారు.

రెండో భయం ఆస్తి పన్ను. ఇది ఉత్తది కాదు. ఆ మడిగె మున్సిపల్ లెక్కల్లో నివాసంగా ఉంటే, ట్రేడ్ లైసెన్సు తీసుకున్నాక కమర్షియల్ కిందికి మారి పన్ను పెరగొచ్చు. దీన్ని దాచి సంతకం తీసుకుంటే వచ్చే ఏడాది నోటీసుతోపాటు ఖాళీ చేయమన్న మాటా వస్తుంది. పెరిగిన తేడా ఎవరు భరించాలో ముందే మాట్లాడుకుని ఒప్పందంలో రాసుకోండి.

మూడోది ఆధార్ ఎక్కడ వాడతారోనన్న అనుమానం. ఆయన స్థానంలో ఉంటే మీకూ ఉంటుంది. జీఎస్టీ అధికారులకు 2025 ఏప్రిల్‌లో వచ్చిన సూచనల ప్రకారం, అద్దె ఒప్పందం రిజిస్టరైతే ఓనరు గుర్తింపు కార్డు అడగకూడదు. రిజిస్టరు కాని 11 నెలల ఒప్పందమైతే ఏదో ఒక గుర్తింపు కాపీ కావాలి. అది ఆధారే కానక్కర్లేదు, ఓటరు కార్డయినా సరే. కాపీ మీద అడ్డంగా "ఫలానా షాపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, ఆయన్నే సంతకం చేయమనండి.

ఇంకో సంగతి. ఒప్పందం, దానితోపాటు ఆస్తి పన్ను రసీదో కరెంటు బిల్లో ఉంటే జీఎస్టీకి వేరే సమ్మతి పత్రం అక్కర్లేదు. ట్రేడ్ లైసెన్సుకు ఆ పత్రం అడిగితే మాత్రం ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమనకండి. మీరే టైపు చేయించి, చదివి వినిపించండి: "డోరు నంబరు ఫలానా, నా సొంత మడిగెను ఫలానా వారికి స్టీలు సామాన్ల వ్యాపారానికి అద్దెకిచ్చాను. ఈ చిరునామాతో జీఎస్టీ, ట్రేడ్ లైసెన్సు పొందడానికి నాకు అభ్యంతరం లేదు. దీనివల్ల వారికి ఆస్తిపై ఎలాంటి హక్కూ రాదు." ఆ చివరి వాక్యం వినగానే పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కుంటారు.

సంతకమయ్యాక కూడా దరఖాస్తు ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గర. ఒప్పందంలో మాస్టారి పేరుంటుంది, పన్ను రసీదులో ఎప్పుడో చనిపోయిన వాళ్ల నాన్నగారి పేరు. డోరు నంబరు ఒకదాంట్లో పాతది, ఇంకోదాంట్లో కొత్తది. అధికారి వివరణ అడుగుతూ నోటీసిస్తే జవాబుకు ఏడు పనిదినాలే గడువు. వారసత్వ ధ్రువపత్రం ఆ గడువులో చేతికొస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. అందుకే దరఖాస్తుకు ముందే ఒప్పందాన్నీ రసీదునూ బిల్లునూ పక్కపక్కన పెట్టి, పేరు, డోరు నంబరు అక్షరం అక్షరం సరిచూడండి.

ఇవన్నీ అడ్వాన్సు ఇచ్చేముందు అడగాల్సినవి. "ఈ కాగితాలిస్తారా సార్?" అంటే కాదనే ఓనరు అప్పుడే తెలిసిపోతాడు. వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరైతే, అద్దె ఎంత తక్కువైనా ఆ మడిగె మీకు పనికిరాదు.