కాలేజీకి వెళ్లకుండా ఇంటర్ రాయవచ్చా?

ప్రశ్న: 2019లో పది పాసై చదువు ఆపిన మా అమ్మాయి ఇప్పుడు ప్రైవేటుగా ఇంటర్ బైపీసీ రాయవచ్చా?

జవాబు: తెలంగాణ ఇంటర్ బోర్డులో ఆ దారి ఉంది, కానీ బైపీసీకి కాదు. సైన్సు గ్రూపుల్లో ప్రాక్టికల్స్ ఉంటాయి. ల్యాబుకు వెళ్లని అభ్యర్థికి ఆ మార్కులు ఎలా వేస్తారు? అందుకే కొత్తగా ప్రైవేటుగా రాసేవారికి హెచ్ఈసీ, సీఈసీ వంటి ఆర్ట్స్ గ్రూపులే మిగులుతాయి.

రెగ్యులర్ విద్యార్థికి 75 శాతం హాజరు కావాలి. ప్రైవేటు అభ్యర్థి దాని బదులు బోర్డుకు దరఖాస్తు చేసి, హాజరు మినహాయింపు రుసుము కడతారు. పది పాసయ్యాక విరామం ఉండాలన్న నిబంధన ఈ అమ్మాయికి అడ్డు కాదు.

చాలామంది తడబడేది ఇక్కడే: మినహాయింపు రుసుము వేరు, పరీక్ష ఫీజు వేరు. మొదటిది కట్టి ఊరుకుంటే హాల్‌టికెట్ రాదు. రెండోదాన్ని జూనియర్ కాలేజీ ద్వారా గడువులోగా కట్టాలి. పరీక్ష కేంద్రాన్ని బోర్డే కేటాయిస్తుంది. ప్రశ్నపత్రం మాత్రం అందరికీ ఒకటే.