కుంగుబాటు యాప్: స్కోరు తగ్గితే గుణమిచ్చినట్టేనా?

ప్రశ్న: కుంగుబాటును అదుపులో ఉంచుకోవడానికి వచ్చిన ఒక ఫోన్ యాప్, వాడినవారి పీహెచ్‌క్యూ-9 స్కోరు ఆరు వారాల్లో సగటున 16 నుంచి 11కు దిగిందని ప్రకటించుకుంటోంది. ఇది క్లినికల్ రుజువు అవుతుందా?

జవాబు: కాదు. పీహెచ్‌క్యూ-9 అంటే గడిచిన రెండు వారాల స్థితి గురించి వేసే తొమ్మిది ప్రశ్నల పత్రం. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు వరకు మార్కులుంటాయి కనుక మొత్తం 27కు మించదు. మనసు బాగా కుంగినప్పుడే మనిషి యాప్ వెతుక్కుంటాడు కాబట్టి, ఏమీ చేయకపోయినా కొన్ని వారాలకు ఆ స్కోరు కొంత దిగడం మామూలే. పైగా బాగుపడనివారు మధ్యలోనే యాప్ తీసేస్తే, చివరిదాకా మిగిలినవారి సగటు ఇంకా అందంగా కనిపిస్తుంది. అందుకే చూడడానికి అసలుదానిలాగే ఉండి, చికిత్సాంశం మాత్రం లేని ఉత్తుత్తి యాప్‌ను మరో బృందానికి ఇచ్చి పోల్చాలి. ఆ బృందంలోనూ స్కోరు 16 నుంచి 12కు దిగితే, యాప్ సొంత ఫలితం ఐదు కాదు, ఒక్కటే.

2024లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ‘రిజాయిన్’ యాప్‌ను ఇలాగే 386 మందిపై పరీక్షించారు. వైద్యనిపుణులు ముఖాముఖి అడిగి 60 మార్కులకు లెక్కగట్టే కొలమానంలో, ఆరు వారాలకు అసలు యాప్ బృందానికి సుమారు తొమ్మిది, ఉత్తుత్తి యాప్ బృందానికి సుమారు ఏడు తగ్గాయి. ప్రకటనలో వేసుకోవడానికి తొమ్మిది బాగుంటుంది గాని, యాప్‌కు దక్కవలసిన గొప్ప ఆ రెండు మార్కులే. ఆ అనుమతి కూడా 22 ఏళ్లు నిండి, ఇప్పటికే కుంగుబాటు మందులు వాడుతున్నవారికి తోడుగా ఇచ్చినదే తప్ప, మందులకు బదులుగా ఇచ్చినది కాదు.

ప్రశ్న: పేరు అడగని యాప్‌లో గోప్యతకు ఢోకా లేనట్టేనా?

జవాబు: ఫోన్‌కు ప్రకటనల కోసం కేటాయించిన గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. ఈ సంఖ్యగల ఫోన్‌లో కుంగుబాటు యాప్ తెరిచారన్న కబురు బయటి సంస్థకు చేరితే, అదే ఫోన్‌లోని ఇతర యాప్‌ల సమాచారంతో దాన్ని ముడిపెట్టవచ్చు. ఇక పేరుతో పనేముంది? అందువల్ల గోప్యతా పరిశీలన అంటే విధానపత్రం చదవడం ఒక్కటే కాదు, యాప్ నడుస్తుండగా ఫోన్ నుంచి ఏ సర్వర్‌కు ఏమి వెళుతోందో పట్టి, పత్రంలోని మాటతో సరిపోల్చడం. కుంగుబాటు, పొగ మానడం కోసం ఉన్న 36 యాప్‌లను ఇలా పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో 29 యాప్‌లు గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో సమాచారం పంపుతున్నట్టు తేలింది. గూగుల్‌కు పంపిన 28లో ఆ సంగతి తమ పత్రంలో సరిగా చెప్పినవి 12 మాత్రమే.

మళ్లీ స్కోరు సంగతికి వస్తే, పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించినది. దానికి సున్నా కాక మరే జవాబు వచ్చినా, మొత్తం స్కోరు ఎంతన్నది చూడకుండా వైద్యుణ్ణి కలవాలి, లేదా రాత్రీపగలూ ఉచితంగా పనిచేసే టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.