పాలు తెమ్మన్న మాట

ప్రశ్న: శాలిబండ కథ నొకదానిని దక్కనీనుండి తెనిగించుచున్నాను. భార్య ఫోనులో భర్తతో "దూధ్ లేతే ఆనా" అనును. "పాలు తే" అన్న చాలునా?

జవాబు: చాలదు. "ఆనా" అను రూపము విధ్యర్థమున వచ్చినపుడు సాధారణముగా తక్షణము గాక పిమ్మట జరుగవలసిన పనిని సూచించును. "లేతే" యనునది ఇంటికి వచ్చుచునే తేవలెనని తెలుపును. కావున "వచ్చేటప్పుడు పాలు పట్టుకురండి" యనుట యుక్తము. "రండి" యా, "రా" యా యనునది మాత్రము ఆ రూపము చెప్పదు. ఆమె యితరత్ర భర్తను "ఆప్" అనునో "తుమ్" అనునో చూచి నిర్ణయింపుడు.

మూలమున అంతకుముందు రంజాను పండుగ నెలవంక కనబడెనని యున్నచో, ఆ పాలు మరునాటి షీర్‌ఖుర్మాకని శాలిబండవారు చెప్పకయే గ్రహింతురు. తెలుగు పాఠకునికై ఆ సంగతిని నెలవంకను గూర్చిన కథనవాక్యముననే చేర్పుడు. భార్య నోట పెట్టితిరా, భర్తకు తెలిసినదే వివరించు పరాయి మనిషివలె ఆమె తోచును.