రూము టీవీ అమ్మేటప్పుడు ఏమేం రాయాలి, కొనేటప్పుడు ఏమేం అడగాలి

ఒకప్పుడు దుబాయ్, షార్జాల నుంచి జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ వైపు వాపసు పోయేవాళ్ల సామానులో ఫ్లాట్ టీవీ పెట్టె మామూలుగా కనిపించేది. 2013 ఆగస్టు 26 నుంచి మన కస్టమ్స్ వాళ్లు ఫ్లాట్ టీవీని సుంకం లేకుండా తెచ్చుకునే సామానులోంచి తీసేశారు. అప్పట్లో దాని విలువ మీద 36.05 శాతం కట్టాల్సి వచ్చింది. పాత టీవీకి అంత సుంకం కట్టి మోసుకుపోవడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకే వీసా అయిపోయి ఇంటికి పోయేవాళ్లు చాలామంది టీవీని ఇక్కడే అమ్మేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి జీతాల్లో రూముకు కలిసి కొనేది కూడా అలాంటి టీవీనే. మీరు ముందు కొంటారు, ఏదో ఒకరోజు అమ్ముతారు కూడా. కాబట్టి టీవీ గురించి ఎలా రాయాలో నేర్చుకుంటే రెండు సార్లూ పనికొస్తుంది.

ఫోన్లో మాట ఎలా నడుస్తుందో చూడండి.

"అన్నా, టీవీ ఉన్నదా? ఎన్ని ఇంచులు?"

"ఉన్నది తమ్మీ. పెద్దదే, నలభైకి పైనే ఉంటది."

"గీతలేమన్న ఉన్నయా?"

"ఏం లేవు, మస్తుగ నడుస్తది. వచ్చి చూస్కో."

ఆ తమ్ముడు డ్యూటీ దిగి సోనాపూర్ నుంచి షార్జా దాకా వస్తాడు. తీరా చూస్తే మూలన నల్లటి మచ్చ ఉంటుంది, కాళ్లు ఉండవు. అమ్మినాయన అబద్ధమాడాలని అనుకోలేదు. రోజూ చూసే కళ్లకు ఆ మచ్చ కనిపించడం మానేసింది, అంతే. టీవీని గోడ మీద చూస్తూ ఉన్నాడు కాబట్టి కాళ్ల సంగతి గుర్తుకే రాలేదు.

మొదట సైజు. టీవీ సైజంటే తెర ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొలిచిన పొడవు. వెలిగే తెరనే కొలవాలి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచు లెక్కలోకి రాదు. టేపు పట్టి 109 సెంటీమీటర్లు వస్తే అది 43 ఇంచులు, 80 వస్తే 32. రూము కోసం కొనేవాళ్లకు ఇంకో కొలత కూడా కావాలి, అది టీవీ వెడల్పు. 43 ఇంచుల టీవీ అంచులతో కలిపి సుమారు 97 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు బంకు మంచాల మధ్య సందు అంతకన్నా తక్కువైతే అది మీ రూముకు పనికిరాదు.

రెజల్యూషన్ గురించి అమ్మేవాళ్ల నోటిమాట కన్నా వెనక అతికించిన స్టిక్కర్‌ను నమ్మండి. "ఇది ఫోర్‌కే" అని మనసారా నమ్మి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, లోపల మాత్రం ఫుల్ హెచ్‌డీ తెర ఉంటుంది. ఫోర్‌కే సినిమా పెట్టినా ఆ టీవీ దాన్ని తగ్గించే చూపిస్తుంది. 1366×768 అంటే మామూలు హెచ్‌డీ, 1920×1080 అంటే ఫుల్ హెచ్‌డీ, 3840×2160 అంటే ఫోర్‌కే. మోడల్ నంబరును అక్షరం పోకుండా రాస్తే కొనేవాళ్లే నెట్‌లో వెతికి ఇదంతా తేల్చుకుంటారు. ఆ నంబరులోనే టీవీ వయసు కూడా ఉంటుంది. ఎల్‌జీ ఫోర్‌కే టీవీల్లో ఇంచుల తర్వాత UN అని ఉంటే అది 2020 మోడల్, UP అంటే 2021, UQ అంటే 2022. సామ్‌సంగ్‌లో TU 2020ది, AU 2021ది, BU 2022ది. "రెండేళ్ల కింద కొన్న" అన్న మాట నిజమే కావచ్చు, కానీ మోడల్ అంతకన్నా పాతదై ఉండవచ్చు. రెండూ రాయాలి.

ఇక ప్యానెల్. టీవీ ధరలో సింహభాగం దానిదే. అది పోతే రిపేరు ఖర్చు దాదాపు కొత్త టీవీ ఖర్చంత అవుతుంది. అందుకే మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. సినిమా పెట్టి చూస్తే లోపాలు దొరకవు, బొమ్మ కదులుతుంటే అవి దాక్కుంటాయి. పూర్తిగా తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం రంగులున్న అయిదు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక్కోటీ తెర నిండా పెట్టాలి. రూములో లైటు ఆర్పి రెండు అడుగుల దూరం నుంచి చూడాలి.

తెల్ల తెర మీద సూదిమొన అంత నల్లచుక్క కనిపిస్తే ఆ పిక్సెల్ చచ్చిపోయిందన్నమాట. నల్ల తెర మీద ఎర్రగానో పచ్చగానో చుక్క వెలుగుతుంటే అది ఒక రంగులో ఇరుక్కుపోయిన పిక్సెల్. ఒకటీ రెండూ ఉంటే భయపడనక్కర్లేదు, ధర కాస్త తగ్గించి తీసుకోవచ్చు. అసలు భయపడాల్సింది నిలువు గీతలకు. ప్యానెల్ అంచున గాజుకు అతికించిన సన్నని కనెక్షన్ పట్టీలు ఊడటం వల్ల అవి వస్తాయి. ఈ లోపానికి ఒక మాయ ఉంది. టీవీ చల్లగా ఉన్నప్పుడు గీత కనిపించి, వేడెక్కాక పోవచ్చు, లేదా దీనికి తలకిందులుగా జరగవచ్చు. అంచు మీద వేలు ఆన్చితే కాసేపు మాయమై మళ్లీ వస్తుంది. కాబట్టి మీరు వెళ్లేసరికే టీవీ నడుస్తూ ఉంటే ఆపమనండి. చల్లారాక మళ్లీ పెట్టించి అరగంట చూడండి. ఆ అరగంట ఇవ్వనివాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

తెల్ల తెర మీద ఒక పక్క చీకటిగానో, గుండ్రటి మరకల్లానో కనిపిస్తే లోపం బ్యాక్‌లైట్‌ది. తెరంతా నీలంగా, ఊదాగా మారినా తరచుగా అదే కారణం. ప్యానెల్ వెనక ఉన్న ఎల్‌ఈడీ పట్టీలు అరిగిపోతాయి. ఇది రిపేరు అయ్యేదే. మాటలు వినిపిస్తూ బొమ్మ రాకపోతే లైటు ఆర్పి, ఫోన్ టార్చి తెరకు ఆనించినట్టు పట్టి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్ బతికే ఉంది, బ్యాక్‌లైటే పోయింది. అలాంటి టీవీని "పాడైంది" అని చవగ్గా ఇచ్చేస్తుంటారు. రిపేరు తెలిసినవాళ్లకు అది బేరమే, కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం తలనొప్పి. ఓఎల్‌ఈడీ తెర అయితే ఎర్ర, బూడిద రంగుల మీద న్యూస్ ఛానల్ లోగో నీడ మిగిలిందేమో చూడాలి. అది పోయేది కాదు.

రాసేటప్పుడు లోపం ఉందని చెబితే చాలదు, ఎక్కడ ఉందో, ఎంత ఉందో చెప్పాలి. "చిన్న మచ్చ ఉంది" అంటే ఒకరు ఆవగింజను ఊహించుకుంటారు, ఇంకొకరు అరచేతిని. "ఎదురుగా నిలబడితే కింద ఎడమ మూల నుంచి 6 సెంటీమీటర్ల లోపల, రూపాయి బిళ్లంత నీడ, తెల్ల తెర మీదే కనిపిస్తుంది, సినిమాలో తెలియదు" అని రాస్తే బేరం ఫోన్లోనే సగం తెగుతుంది. టీవీ ఆపి పక్క నుంచి వెలుతురు పడేలా ఒక ఫొటో తీయండి, గాజు మీది గీతలు తెలుస్తాయి. తెల్ల తెరతో ఇంకో ఫొటో తీస్తే లోపలివి తెలుస్తాయి.

స్టాండు, గోడ సామాను దగ్గరే ఎక్కువ తగువులు వస్తాయి. ఇప్పటి టీవీలకు చాలావాటికి రెండు వైపులా రెండు కాళ్లు ఉంటాయి. కుడిది ఎడమకు పట్టదు, మోడల్ మారితే అసలే పట్టదు. బయట దొరకడం కూడా కష్టం. కాళ్లున్నాయా, స్క్రూలు ఎన్ని ఉన్నాయి, రెండు కాళ్ల మధ్య దూరం ఎంత అని మూడూ రాయాలి. కాళ్ల మధ్య దూరం మీ బల్ల పొడవు కన్నా ఎక్కువైతే టీవీ నిలబడదు.

గోడకు బిగించేది ఒక్క ముక్క కాదు. గోడకు పట్టే ప్లేటు ఒకటి, టీవీ వెనక బిగించే రెండు కొక్కేల పట్టీలు, వాటి స్క్రూలు, వాషర్లు ఉంటాయి. అమ్మేవాళ్లు టీవీని గోడ నుంచి ఎత్తి ఇస్తారు, పట్టీలు దాంతో పాటే వస్తాయి. ప్లేటు మాత్రం వాళ్ల గోడకే ఉండిపోతుంది. ఇంకో కంపెనీ ప్లేటుకు ఆ పట్టీలు సరిపోతాయన్న నమ్మకం లేదు. టీవీ వెనక నాలుగు రంధ్రాల మధ్య అడ్డంగా, నిలువుగా ఉన్న దూరాన్ని మిల్లీమీటర్లలో రాయాలి. 43 ఇంచులవాటికి చాలావరకు 200×200 ఉంటుంది, కొలిచాకే రాయండి. స్క్రూలు పోతే దొరికినవి బిగించకండి. పొడవు ఎక్కువైన స్క్రూ లోపలికి దిగి ప్యానెల్‌నో బోర్డునో పగలగొడుతుంది. వేలితో తేలిగ్గా తిరగాల్సిన చోట గట్టిగా పట్టేస్తుంటే ఆపేయండి. ఇంకో మాట, ఇక్కడి రూముల్లో పార్టిషన్లు చాలావరకు జిప్సం బోర్డువి. లోపలి ఇనుప చట్రానికి కాకుండా ఒట్టి బోర్డుకు బిగించిన టీవీ ఊడిపడుతుంది. అద్దె రూములో గోడకు బెజ్జం పెట్టే ముందు యజమానిని అడగాలి, డిపాజిట్‌లో కోస్తారు.

రిమోట్ సంగతి తేలికే. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే కొసన ఉన్న బల్బు ఊదాగా మెరవాలి. కొన్ని స్మార్ట్ రిమోట్లు బ్లూటూత్‌తో నడుస్తాయి కాబట్టి మెరవకపోయినా టీవీ మీద పెట్టి చూడండి. టీవీతో వచ్చిందా, బజార్లో కొన్నదా రాయండి. బజారు రిమోట్‌లో మైకు సాధారణంగా ఉండదు.

ఇవన్నీ కలిపితే ప్రకటన ఇలా వస్తుంది. టీవీ మెట్‌పల్లి వైపు తమ్ముడిదనీ, వచ్చే నెల ఇంటికి పోతున్నాడనీ అనుకుందాం:

"43 ఇంచుల ఫోర్‌కే స్మార్ట్ టీవీ, 2021 మోడల్, 2022లో కొన్నది. మోడల్ స్టిక్కర్ ఫొటో పెట్టిన. తెరకు గీతలు, పగుళ్లు లేవు. నల్ల తెర మీద కుడి అంచుకు 10 సెంటీమీటర్ల లోపల ఒక ఎర్ర చుక్క ఉన్నది. రిమోట్ అసలుదే, బ్యాటరీ మూత లేదు. కాళ్లు రెండూ ఉన్నయి, స్క్రూలు నాలుగింటికి మూడే ఉన్నయి. గోడ ప్లేటు, పట్టీలు ఇస్త, వెనక రంధ్రాలు 200×200. పెట్టె లేదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల అరగంట నడిపి చూపిస్త. ధర 350 దిర్హమ్‌లు, ఎర్ర చుక్కను లెక్కలో పెట్టుకునే చెప్పిన."

దీన్నే హిందీలోనో ఇంగ్లిష్‌లోనో కూడా రాసి పెట్టండి, కొనేవాళ్లలో మలయాళీలు, పాకిస్తానీలు కూడా ఉంటారు.

డబ్బులు చేతికొచ్చాక, టీవీ ఇచ్చే ముందు మీ గూగుల్, యూట్యూబ్ ఖాతాలు తీసేసి టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. కొన్నవాళ్లు కాళ్లు విప్పి, తెరకు దుప్పటి చుట్టి, టీవీని నిలబెట్టే తీసుకుపోవాలి. పడుకోబెడితే కారు కుదుపులకు బరువంతా గాజు మధ్యలో పడి ప్యానెల్ పగులుతుంది. 43 ఇంచులది చాలా కార్లలో వెనక సీటు మీద నిలువుగా పడుతుంది, పక్కన ఒకరు కూర్చుని అంచులు పట్టుకోవాలి.