కొత్త షావుకారు దగ్గర సరుకు కొనడం ఎలా?

అక్కలారా, ఈ పాఠంలో కందిపప్పు గురించి మాట్లాడుకుందాం. వండుకోవడం గురించి కాదు. కొట్లో అమ్మడానికి టోకున కొనడం గురించి.

విశాఖపట్నంలో గాజువాక దగ్గర ఒక అక్క చిన్న కొట్టు నడుపుతోంది అనుకుందాం. స్టీల్‌ప్లాంటులో పనికి వెళ్ళే కూలీల ఇళ్ళవాళ్ళే ఆమె బేరం. నెలకు 30 కిలోల కందిపప్పు అమ్ముతుంది. ఇన్నాళ్ళూ ఒకే షావుకారు దగ్గర కొంటోంది. ఆయన కిలో 120 రూపాయలకు ఇస్తాడు. పూర్ణా మార్కెట్‌లో ఇంకో షావుకారు 112 రూపాయలకే ఇస్తున్నాడని ఆమెకు తెలిసింది. కిలోకు 8 రూపాయలు తక్కువ. వెంటనే బస్తా కొనెయ్యాలా? ఆగాలి. ముందు మూడు పనులు చేయాలి.

మొదటి పని: మచ్చు కొని చూడడం

మచ్చు ఊరికే ఇస్తానంటే వద్దనాలి. ఊరికే ఇచ్చేది ఏరి పెట్టిన పప్పు కావచ్చు. పళ్ళెంలో పోసి చూపించే పప్పు కూడా అంతే. "బాబూ, అమ్మే బస్తాలోంచి తీసి కిలో తూచి ఇవ్వండి. డబ్బులిస్తాను" అని అడగాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. బస్తా అలా కాదు. పైన మంచి పప్పు, అడుగున నూక ఉండొచ్చు. అందుకే పైనుంచి కొంచెం, మధ్యనుంచి కొంచెం, అడుగునుంచి కొంచెం తీయించాలి.

పాత షావుకారు పప్పు కూడా ఒక కిలో తీసుకోవాలి. రెండూ ఇంటికి తెచ్చి విడివిడిగా చేటలో పోసి ఏరాలి. రాళ్ళు, పొట్టు, నూక, పుచ్చులు ఒక పక్కకు తీసి తూచాలి. మన అక్క తూచి చూసింది. పాత షావుకారు కిలో పప్పులో చెత్త 10 గ్రాములు. కొత్త షావుకారు పప్పులో 90 గ్రాములు.

ఇప్పుడు లెక్క చూడండి. 100 కిలోలు కొంటే,
పాత షావుకారుకు ఇచ్చేది 12,000 రూపాయలు. మంచి పప్పు 99 కిలోలు.
కొత్త షావుకారుకు ఇచ్చేది 11,200 రూపాయలు. మంచి పప్పు 91 కిలోలు.
మంచి పప్పు కిలో పడింది ఎంత? పాత షావుకారు దగ్గర 121 రూపాయల పైచిలుకు. కొత్త షావుకారు దగ్గర 123 రూపాయల పైచిలుకు. చౌక అనుకున్నదే ఖరీదైంది!

ఇదే మాట కొత్త షావుకారుతో చెప్పవచ్చు. "పప్పులో కిలోకు 90 గ్రాముల చెత్త వచ్చింది బాబూ. శుభ్రమైన రకం ఉంటే చూపించండి" అనాలి. ఆయన 116 రూపాయల రకం చూపించాడు. అందులో చెత్త 15 గ్రాములే. ఇది లెక్కకు 118 రూపాయలు కూడా పడదు. ఇది ఆలోచించదగ్గ బేరం.

ఏరినాక వండి చూడాలి. రెండు పప్పులూ ఒకే నీళ్ళతో, ఒకే పొయ్యిమీద, ఒకేలాంటి గిన్నెల్లో వండాలి. ఉప్పునీళ్ళలో ఏ పప్పూ తొందరగా ఉడకదు. నీళ్ళు వేరైతే పప్పుమీద తప్పు వేసినట్టవుతుంది. పాత పప్పు కూడా ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది.

కొంచెం పప్పు నీళ్ళలో వేసి చూడాలి. చిక్కటి పసుపు రంగు వెంటనే దిగితే అనుమానించాలి. ఒక పక్క ఏటవాలుగా, గొడ్డలి అంచులా ఉండే బద్దలు కనిపిస్తే అది కేసరి పప్పు కావచ్చు. ఎక్కువకాలం, ఎక్కువగా తింటే అది కాళ్ళు పడిపోయేలా చేస్తుంది. దాన్ని అమ్మకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో ఉంది. ఇంటి పరీక్ష అనుమానానికే పనికొస్తుంది. తేల్చి చెప్పేది ప్రభుత్వ పరీక్షశాలే.

మంచిదని తేలిన మచ్చులో పావుకిలో ఒక కవరులో మూట కట్టి దాచాలి. కవరుమీద షావుకారు పేరు, తేదీ, ధర రాయాలి. చదువు నేర్చుకున్నాం కదా, ఇక్కడ అది మనకు సాక్ష్యం.

రెండో పని: వాకబు చేయడం

షావుకారు చెప్పిన మనుషులను మాత్రమే అడిగితే మంచిమాటే వినిపిస్తుంది. మనంతట మనం వెతికి ముగ్గురిని అడగాలి. మన పేటలో ఆయన బస్తాలు కనిపించే కొట్టు ఉందా? ఆ కొట్టామెను అడగండి. బస్తాలు మోసే ముఠా కూలీలను అడగండి. సరుకు తెచ్చే ఆటో అబ్బాయిని అడగండి. తిరిగి వచ్చే బస్తాలు ఎవరివో వాళ్ళకు తెలుస్తుంది.

"ఆయన మంచివాడేనా వదినా?" అని అడిగితే "మంచోడే" అంటారు. దానివల్ల ఏమీ తెలియదు. ఇలా అడగాలి:
బస్తా తూకం గోనెతో కలిపా, గోనె తీసేసా? గోనెసంచే అరకిలో దాకా ఉంటుంది.
పుచ్చు సరుకు వస్తే వెనక్కు తీసుకున్నాడా? ఎన్నాళ్ళకు?
రెండోసారి, మూడోసారి కూడా అదే రకం ఇచ్చాడా?

షావుకారు కొట్లో కూడా రెండు చూడాలి. ఆహార భద్రతా లైసెన్సు గోడమీద ఉందా? దాని నెంబరు 14 అంకెలు ఉంటుంది. 2022 నుంచి ఆ నెంబరు బిల్లుమీద కూడా వేయాలి. కాటామీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా? "బిల్లు ఎందుకమ్మా?" అనే చోట కొనకపోవడం మంచిది. బిల్లు లేకపోతే రేపు గొడవ వస్తే చూపించడానికి ఏమీ ఉండదు.

మూడో పని: కొద్దిగా కొని చూడడం

మచ్చు బాగుంది. వాకబు బాగుంది. అయినా ఒకేసారి నెల సరుకు కొనకూడదు. మన అక్క ముందు 10 కిలోలు కొంది. పోతే అంతవరకే పోతుంది. ముందుగా అడ్వాన్సు ఇవ్వలేదు. అరువూ తీసుకోలేదు. అరువు పెడితే సరుకు బాగోకపోయినా ఆ కొట్టు వదలలేం.

సరుకు ఆటోలో ఎక్కించకముందే దాచిన మచ్చు పక్కన పెట్టి చూడాలి. రంగు, బద్ద సైజు, నూక కలవాలి. ఇంటికి వచ్చాక మన కాటామీద మళ్ళీ తూచాలి.

మొదటిసారి ఎవరైనా మంచి సరుకే ఇస్తారు. అసలు సంగతి రెండోసారి తెలుస్తుంది. అందుకే 10 కిలోలు అమ్మాక మళ్ళీ 10 కిలోలు కొంది. ఈసారి తూకంలో 200 గ్రాములు తగ్గింది. ఆమె పోట్లాడలేదు. బిల్లు పట్టుకుని వెళ్ళి చెప్పింది. షావుకారు కాటా చూసి, తగ్గిన పప్పు ఇచ్చేశాడు. తప్పు చెప్పినప్పుడు షావుకారు ఏం చేస్తాడో కూడా ఒక పరీక్షే. కసిరి పంపేస్తే అక్కడితో ఆపెయ్యాలి.

మూడోసారి ఆమె నెలకు కావలసిన సరుకులో సగం, అంటే 15 కిలోలు, ఆయన దగ్గర కొంది. మిగతా సగం పాత షావుకారు దగ్గరే తీసుకుంటోంది. ఒకరి దగ్గర సరుకు లేకపోయినా కొట్టు మూతపడదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. వానాకాలంలో వేసిన కంది చలికాలంలో కోతకు వస్తుంది. కొత్త పంట వచ్చాక పప్పు రకం మారుతుంది. అప్పుడు పాత మచ్చు తీసేసి, కొత్త మచ్చు చూసి దాచుకోవాలి.

చెప్పండి
1. పళ్ళెంలో పోసి చూపించే పప్పును మచ్చుగా ఎందుకు తీసుకోకూడదు?
2. ముఠా కూలీలను ఎందుకు అడగాలి?

లెక్క చేయండి
కిలో చింతపండు 150 రూపాయలు. 10 కిలోలు కొంటే గింజలు, పీచు కలిపి 1 కిలో పోయింది. మంచి చింతపండు కిలో ఎంత పడింది?