డాలరు రాబడికి ఏ వడ్డీ?

ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల లెక్కలు, యెమ్మిగనూరులో బట్టల వ్యాపారుల లెక్కలు చూస్తూనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చురుకైనవాళ్లు. అయినా విదేశీ కరెన్సీలో ప్రాజెక్టు వచ్చిందంటే చాలామంది ఒకే చోట తప్పుతున్నారు. వాళ్లకోసం ఒక్క కేసు పట్టుకుని, నాకు తెలిసింది వరసగా చెబుతాను.

ఆదోని మిల్లు యజమాని ఒకరికి టాంజానియా నుంచి ప్రతిపాదన వచ్చింది. అక్కడ విక్టోరియా సరస్సుకు దక్షిణాన మ్వాంజా, షిన్యాంగా ప్రాంతాలు పత్తికి పేరున్నవి. ఒక జిన్నింగ్ మిల్లులో పది లక్షల డాలర్లు పెడితే మొదటి ఏడాది నాలుగు లక్షలు, రెండో ఏడాది నాలుగు లక్షలు, మూడో ఏడాది యంత్రాల అమ్మకంతో కలిపి నాలుగున్నర లక్షల డాలర్లు వస్తాయన్నారు. ఇవి నేను గుండ్రం చేసిన అంకెలు. ఆ రోజు డాలరు 84 రూపాయలు అనుకుందాం. ఇలాంటి వ్యాపారంలో ఏడాదికి 14 శాతం రాకపోతే డబ్బు పెట్టనన్నది ఆ యజమాని నియమం.

1. వడ్డీ రేటు కూడా ఏదో ఒక కరెన్సీకి చెందినదే.

ఆయన దగ్గర లెక్కలు రాసే కుర్రాడు డాలర్లన్నిటినీ 84తో హెచ్చించి, 14 శాతంతో డిస్కౌంట్ చేశాడు. వచ్చే డబ్బు నేటి విలువ 808 లక్షలని తేలింది. పెట్టుబడి 840 లక్షలు. 32 లక్షలు నష్టం, వద్దని రాసిచ్చాడు. హెచ్చింపులు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ 14 శాతం రూపాయల రేటు. మన ధరల పెరుగుదల, మన బ్యాంకుల వడ్డీ, మన ప్రభుత్వ బాండ్ల రాబడి అన్నీ అందులో కలిసి ఉన్నాయి. మూడేళ్లూ డాలరు 84 దగ్గరే నిలుస్తుందని పైన అనుకుని, కింద రూపాయి విలువ తగ్గుతుందని లెక్కగట్టిన రేటు వాడాడు. ఒకే లెక్కలో రెండు ఊహలు ఎదురెదురుగా నిలబడ్డాయి.

2. మూడేళ్ల తర్వాత డాలరు ఎంత ఉంటుందో జోస్యం చెప్పనక్కర్లేదు. ఈ రోజు ఎంతకు ఒప్పందం కుదురుతుందో చూడాలి.

ఆదోని యార్డులో పత్తి కొని గోదాములో పెట్టే వ్యాపారిని అడగండి. మూడు నెలల తర్వాత ఇచ్చే సరుకుకు ఈ రోజే ధర చెప్పమంటే, నేటి ధరకు మూడు నెలల వడ్డీ, గోదాము అద్దె కలిపి చెబుతాడు. డాలరు ఫార్వర్డ్ రేటు పుట్టేది కూడా ఇలాగే. కాకపోతే గోదాములో ఉన్న డాలరు ఊరికే పడి ఉండదు, దానికీ వడ్డీ వస్తుంది.

రూపాయి మీద రిస్కు లేని వడ్డీ 7 శాతం, డాలరు మీద 4 శాతం అనుకోండి. మీ దగ్గర 84 రూపాయలున్నాయి. ఇక్కడే ఉంచితే ఏడాదికి 89.88 అవుతుంది. డాలరు చేసి అక్కడ ఉంచితే 1.04 డాలర్లవుతుంది. ఆ 1.04 డాలర్లను ఏడాది తర్వాత ఇస్తానని ఈ రోజే అమ్మేస్తే, రెండు దారుల్లోనూ ఒకే మొత్తం రావాలి. 89.88ని 1.04తో భాగిస్తే 86.42 వస్తుంది. అదే ఏడాది ఫార్వర్డ్ రేటు. బ్యాంకు 88 ఇస్తానందనుకోండి. ఇక్కడ 7 శాతానికి అప్పు చేసి డాలర్లు కొని, ఏడాది తర్వాతికి 88కి అమ్మేసేవాళ్లు వెంటనే దిగుతారు. వాళ్లకు 91.52 వస్తుంది, తీర్చాల్సింది 89.88. రూపాయి రిస్కు లేకుండా లాభం. అందరూ అదే పనికి దిగితే ఆ 88 నిలవదు, కిందికి వస్తుంది. వడ్డీ రేట్ల సమత్వమంటే ఇంతే.

రెండో ఏడాదికి 88.92, మూడో ఏడాదికి 91.48. ఏటేటా 1.07ను 1.04తో భాగించిన అంకెతో హెచ్చించుకుంటూ పోవాలి.

3. రెండు దారులున్నాయి. రెండూ నడిచి చూడండి.

మొదటి దారిలో డబ్బును మారుస్తాం. డాలర్ల రాబడిని ఆయా ఏళ్ల ఫార్వర్డ్ రేటుతో రూపాయలు చేస్తే 345.69, 355.66, 411.66 లక్షలు వస్తాయి. వీటిని 14 శాతంతో డిస్కౌంట్ చేస్తే మొత్తం 854.77 లక్షలు. పెట్టుబడి 840 తీసేస్తే 14.77 లక్షలు మిగులు.

రెండో దారిలో డబ్బును ముట్టుకోం, రేటును మారుస్తాం. 1.14ను 1.04తో హెచ్చించి 1.07తో భాగిస్తే 1.108. అంటే డాలర్లలో ఆయన కోరే రాబడి 10.8 శాతం. డాలర్లను డాలర్లలోనే ఆ రేటుతో డిస్కౌంట్ చేస్తే 10,17,587 డాలర్లు. పెట్టుబడి పోను 17,587 డాలర్లు మిగులు. దాన్ని నేటి 84తో హెచ్చిస్తే అదే 14.77 లక్షలు.

కుర్రాడు వద్దన్న ప్రాజెక్టు లాభానికి వచ్చింది. పైసల తేడా తప్ప రెండు దారులూ ఒకే చోటికి చేరాలి. లక్షల్లో తేడా వచ్చిందంటే ఎక్కడో కరెన్సీ కలగలిసింది. ఇంతకు మించిన తనిఖీ నాకు ఇంకొకటి తెలియదు.

14లోంచి 3 తీసేస్తే 11 కదా, అంత హెచ్చింపు ఎందుకని అడుగుతారు. 11తో చేస్తే మిగులు 14,045 డాలర్లకు పడిపోతుంది. అంటే దాదాపు మూడు లక్షల రూపాయలు లెక్కలోనే మాయం. మూడేళ్లకే ఇంత. పదేళ్ల ప్రాజెక్టయితే తీసివేత పద్ధతిని అసలు దగ్గరికి రానివ్వకండి.

4. రూపాయి పతనాన్ని రెండుసార్లు లెక్కపెట్టకండి.

మొదటి తప్పు సరిచేయమన్నప్పుడు చాలామంది ఈ గోతిలో పడతారు. ఫార్వర్డ్ రేటుతో రూపాయలు చేసేసి, ఆపైన 10.8 శాతంతో డిస్కౌంట్ చేస్తారు. మిగులు 64 లక్షలు కనిపిస్తుంది. రూపాయల్లోకి వచ్చాక రేటు కూడా రూపాయలదే కావాలి. ఫైలు చదివేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. రాబడి వరసకు పైన ఏ కరెన్సీ గుర్తుంది, డిస్కౌంట్ రేటు పక్కన ఏ కరెన్సీ పేరుంది? రేటు పక్కన ఏమీ రాయకపోతే ఫైలు వెనక్కి పంపేవాణ్ని.

5. "రూపాయి ఏటా ఐదు శాతం పడుతుంది సార్" అనేవాళ్లను వేరే కాగితం మీద రాయమనండి.

ఐదు శాతం లెక్కన చేస్తే ఇదే ప్రాజెక్టుకు దాదాపు 50 లక్షల మిగులు వస్తుంది. ఫార్వర్డ్ రేటుతో వచ్చింది 14.77 లక్షలు. ఆ పైన 35 లక్షలూ జిన్నింగ్ మిల్లు సంపాదించేది కాదు, డాలరు మీద మన పందెం సంపాదిస్తుందని ఆశపడేది. ఆ పందెమే కావాలంటే టాంజానియా దాకా పోనక్కర్లేదు.

అలాగని ఫార్వర్డ్ రేటును జోస్యమనుకోవద్దు. 2000 మొదట్లో 43, 44 మధ్య ఉన్న డాలరు 2019 చివరికి 71 దాటింది. సగటున ఏడాదికి రెండున్నర శాతం. ఆ ఇరవై ఏళ్లలో చాలాకాలం రెండు దేశాల వడ్డీల తేడా అంతకంటే ఎక్కువే ఉంది. ఏడాది వారీగా చూస్తే ఫార్వర్డ్ ఎక్కడో, అసలు రేటు ఎక్కడో. అయినా దాన్నే వాడతాం, ఎందుకంటే ఈ రోజు సంతకం పెట్టి ఖాయం చేసుకోగల ధర అదొక్కటే.

6. చౌక డాలరు అప్పు కూడా ఈ లెక్కకు బయట లేదు.

యెమ్మిగనూరులో మగ్గాల షెడ్డు పెట్టబోతున్న ఒక వ్యాపారి, యంత్రాలకు డాలరు అప్పు 7 శాతానికి దొరుకుతోంది, ఇక్కడ బ్యాంకు 10 అడుగుతోంది అని సంబరంగా వచ్చాడు. 1.07ను 1.07తో హెచ్చించి 1.04తో భాగించమన్నాను. 10.09 శాతం వచ్చింది. ఆయన బట్ట అమ్మేది రూపాయల్లో. వాయిదాలకు డాలర్లు ఫార్వర్డ్‌లో కొనిపెట్టుకుంటే ఖర్చు ఇక్కడి అప్పుకు సమానం, ఇంకా ఇసుమంత ఎక్కువే. కొనిపెట్టుకోకపోతే మూడు శాతం ఆదాకు బదులు మొత్తం అసలు మీద రిస్కు మోయాలి. బట్ట ఎగుమతి చేసి డాలర్లు తెచ్చుకునేవాళ్లకైతే డాలరు అప్పుకు అర్థముంది. అప్పుడు కూడా అది చౌక అని కాదు, వచ్చేదీ పోయేదీ ఒకే కరెన్సీ అని.

7. సమత్వం కరెన్సీని మారుస్తుంది, రిస్కును మార్చదు.

మిల్లు యజమాని చెప్పిన 14 శాతం ఆదోని జిన్నింగుకు సరిపోయే రేటు. పరాయి దేశం, తెలియని రైతులు, అక్కడి ప్రభుత్వ నిబంధనలు, దూరం నుంచి అజమాయిషీ. వీటికి అదనంగా ఎంత కావాలో ముందు రూపాయల్లోనే తేల్చుకుని, ఆ తర్వాతే డాలరు రేటుకు మార్చాలి. 16 కావాలంటే 1.16ను మార్చండి. 10.8 తక్కువగా కనబడుతోందని చివర్లో రెండు కలిపితే, అది దేనికి కలిపారో మరుసటి ఏడాది మీకే గుర్తుండదు.

ఇంకో సంగతి. ప్రతిపాదన డాలర్లలో రాసినంత మాత్రాన డబ్బంతా డాలర్లది కాదు. దూది బేళ్లు డాలర్లకు పోతాయి. రైతు దగ్గర పత్తి కొనేది, కూలీలు, కరెంటు, అక్కడే అమ్ముడయ్యే గింజలు మాత్రం షిల్లింగుల్లో. షిల్లింగు వరసను వేరుగా వేసి, అక్కడి ధరల పెరుగుదల అందులో చేర్చి, తర్వాత డాలర్లు చేయమన్నాను. అక్కడ దీర్ఘకాలానికి నమ్మదగిన ఫార్వర్డ్ దొరకడం కష్టం. రెండు దేశాల ధరల పెరుగుదల తేడాతో సర్దుకోవాలి, అది అంచనానే అని కాగితం మీద రాయాలి.

8. వడ్డీ రేట్లు పుస్తకంలోంచి కాదు, ఆ వారం మార్కెట్లోంచి తెచ్చుకోండి.

ఏడాది డబ్బుకు ఏడాది రేటు, మూడేళ్లకు మూడేళ్ల రేటు. మన దేశంలో డబ్బు సరిహద్దు దాటడానికి నియంత్రణలున్నాయి కాబట్టి బాండ్ల తేడా, ఫార్వర్డ్ ప్రీమియం అచ్చుగుద్దినట్టు కలవవు. ఏడాది లోపు అయితే బ్యాంకు చెప్పే ప్రీమియమే వాడాలి. ఏడాది దాటాక బేరాలు పలచబడతాయి, కొనే ధరకూ అమ్మే ధరకూ ఎడం పెరుగుతుంది. అక్కడ బాండ్ల రాబడితో లెక్క కట్టి, బ్యాంకును కూడా ఒక మాట అడగాలి.

ఇది చిన్న విషయం కాదు. ఏడాది ప్రీమియం 2013లో 7 శాతం దాటిన రోజులున్నాయి, 2023లో 2 శాతం లోపుకు వచ్చింది. మన కేసులోనే ప్రీమియం 2.88 కాకుండా 2 అని పెట్టి చూడండి. డాలరు రేటు 11.76 శాతం అవుతుంది. మిగులు 14.77 లక్షల నుంచి నలభై వేల లోపుకు జారిపోతుంది. టాంజానియాలో ఒక్క బేలు కూడా తగ్గలేదు.

ఆ యజమానికి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి ఇచ్చాను. మొదటి ఏడాది డాలర్లకు బ్యాంకు రాతపూర్వకంగా ఫార్వర్డ్ రేటు ఇచ్చేదాకా ఒప్పందం మీద సంతకం పెట్టవద్దన్నాను.